ఆయన నిద్రపోయిన గంటలు

మావారు పాస్టరు. గోదావరికి ఆవల, కొవ్వూరు వైపు కాలువ గట్టు పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా సేవ చేశారు. నేను సంఘం బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. సంఘంలో ఆయన్ని అయ్యగారనీ, నన్ను అమ్మగారనీ పిలిచేవారు. అయ్యగారు నెమ్మదస్తులు, అమ్మగారికి నోరెక్కువ అని కూడా చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన గురక ముందు నుంచీ ఉన్నదే. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు, “మా వాడు పడుకుంటే వీధిలో దొంగలు రారమ్మా” అని మురిసిపోయేవారు. నేనూ నవ్వేదాన్ని. నలభై దాటాక ఆయన ఒళ్లు చేశారు, మెడ లావెక్కింది, చొక్కా పైగుండీ పెట్టుకోవడం మానేశారు. అప్పటి నుంచి గురక మధ్యలో ఆగిపోవడం మొదలైంది. గురక ఆగితే పక్కవాళ్లకి హాయి కదా అనుకుంటారు వినేవాళ్లు. నాకు అదే నరకం. గురకతో పాటు ఊపిరీ ఆగేది. ఛాతీ లేస్తూ పడుతూ ఉండేది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగిలేది కాదు. భుజం పట్టి కుదిపేసేదాన్ని. పెద్దగా ఒక్క గుటక వేసినట్టు గాలి పీల్చుకుని, అటు తిరిగి మళ్లీ గురక పెట్టేవారు. పొద్దున్నే అడిగితే ఏమీ గుర్తుండేది కాదు.

“నువ్వు లేనిపోనివి ఊహించుకుంటావే. నేను హాయిగా పడుకున్నాను.”

హాయిగా పడుకున్న మనిషి తలనొప్పితో ఎందుకు లేస్తాడు? బీపీ మాత్రలు రెండు రకాలు మింగుతున్నా ఎందుకు దిగదు? కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఎందుకు కునుకు తీస్తాడు? ఇవి అడిగితే, “వయసొస్తోంది కదా” అనేవారు. అప్పటికి ఆయనకి నలభై ఎనిమిది.

గుడిలో ప్రసంగానికి ముందు కీర్తన పాడేటప్పుడు ఆయన బల్ల పక్కన కుర్చీలో తల వంచుకుని కూర్చునేవారు. సంఘమంతా అది ప్రార్థన అనుకునేది. మొదటి వరసలో కూర్చునే నాకు మాత్రం తెలుసు, గడ్డం ఛాతీకి ఆనిందంటే ఆయన లోకంలో లేరని. ఆఖరి చరణం దగ్గర గట్టిగా దగ్గేదాన్ని. ఉలిక్కిపడి లేచి, బైబిలు తెరిచేవారు. సంఘపెద్ద ఒకాయన, రైస్ మిల్లులో గుమాస్తా, పాపం మంచివాడే, ఒకసారి నాతో అన్నాడు: “అయ్యగారు ప్రార్థనలోకి వెళ్లిపోతే పక్కన పిడుగు పడినా తెలీదండీ అమ్మగారూ. ఎంత భక్తండీ!”

ఏం చెప్పను? అవునండీ అన్నాను.

ఆయన మోపెడ్ మీద ప్రార్థన కూటానికి వెళ్తూ పట్టపగలు కాలువ గట్టు దిగిపోయిన రోజున నాలో ఓపిక చచ్చిపోయింది. అదృష్టం, గట్టు వారన గడ్డివామి ఉంది. బండితో సహా దాంట్లోకి దూసుకెళ్లారు. మోచెయ్యి గీసుకుంది, అంతే. “కుక్క అడ్డొచ్చింది” అన్నారు. పొలంలో పనిచేస్తున్న ఆడవాళ్లు మాత్రం కుక్కా లేదు, నక్కా లేదు, అయ్యగారి బండి తిన్నగా మలుపులోంచి దిగిపోయిందని చెప్పారు.

“మీరు రేపు నాతో రాజమండ్రి వస్తారా, నన్ను మా పుట్టింటికి పొమ్మంటారా?” అన్నాను.

వచ్చారు. బస్సు బ్రిడ్జి ఎక్కకముందే నా భుజం మీద నిద్రపోయారు.

ఊపిరితిత్తుల డాక్టరు కుర్రవాడే. వైజాగులో చదువుకుని వచ్చి కొత్తగా ఆసుపత్రి పెట్టుకున్నాడు. మావారి నోరు తెరిపించి టార్చి వేసి చూశాడు, టేపు తీసి మెడ కొలిచాడు. తర్వాత ఆయన్ని వదిలేసి నన్ను అడగడం మొదలుపెట్టాడు. గురక ఆగుతుందా, ఆగినప్పుడు ఛాతీ కదులుతుందా, పగలు ఎక్కడెక్కడ నిద్రపోతారు? ఇన్నేళ్లలో నా మాట కాగితం మీద రాసుకున్న మొదటి మనిషి అతనే. నాకు ఏడుపొచ్చేసింది.

“నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయండీ,” అన్నాడు. “అందరికీ అవుతాయి. అయ్యగారికి గొంతు వెనక దారి ఇరుకు. వదులవగానే మూసుకుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెళ్లదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది, గాలి వెళ్తుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. ఇలా రాత్రంతా. ఆ లేవడం ఆయనకి గుర్తుండదు. గుండె, బీపీ మాత్రం మర్చిపోవండీ.”

దీని పేరు స్లీప్ ఆప్నియా అనీ, ఎంత తీవ్రంగా ఉందో తెలియాలంటే నిద్ర పరీక్ష చెయ్యాలనీ అన్నాడు. తల మీద కూడా వైర్లు పెట్టే పూర్తి పరీక్ష వైజాగులో ఉందట. తన దగ్గర చిన్న పెట్టె ఉంది: ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి ఒక బెల్టు, వేలికి ఒక క్లిప్పు. ముందు ఇది చేద్దాం అన్నాడు. వైజాగు ప్రయాణం తప్పినందుకు మావారి మొహం వెలిగింది.

ఆ పరీక్ష ఆసుపత్రి మేడ మీద గదిలో చేశారు. నర్సు అన్నీ తగిలించి, లైటు ఆర్పి, “పడుకోండి అయ్యగారూ” అని వెళ్లిపోయింది. నేను కింద చాప వేసుకున్నాను. ఆయన వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. కదల్లేదు. గురకా లేదు.

నాకు అర్థమైపోయింది. ఆయన ప్రార్థన చేస్తున్నారు. ఆసుపత్రిలో పడుకోవాలంటే మరి ఆయనకి అదే పని. పక్క గదిలో ఆయాసంతో దగ్గుతున్న ముసలాయన, కింద ఆక్సిజన్ పెట్టిన పిల్ల, తర్వాత మా సంఘంలో ఇంటింటి పేరూ, వాళ్ల అప్పులూ, వాళ్ల కాన్పులూ, వాళ్ల చేలూ. ఎవరినీ వదలరు. ఉపవాస కూటాల్లో తెల్లవార్లూ ప్రార్థించడం ఆ మనిషికి అలవాటు. కుర్చీలో కూర్చుంటే నిద్ర ఆగదు గానీ, పట్టుబట్టి ప్రార్థనకి పూనుకుంటే ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ మెలకువ!

“ఏమండీ, పడుకోండి. ఇది నిద్ర పరీక్ష” అన్నాను.

“ఊ.”

కాసేపాగి మళ్లీ అన్నాను. మళ్లీ “ఊ.” చాలాసేపటికి కూడా “ఊ” అంటూనే ఉన్నారు. తెల్లారగట్ట ఎదురుగా హోటల్లో ఇడ్లీ పిండి రుబ్బడం మొదలైంది. అప్పుడు గురక వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు. ఆగడం, గుటకేసి లేవడం, ఆగడం. బాగా తెల్లారి నర్సు తలుపు తట్టేదాకా అదే.

“ఈయన రాత్రి సరిగా పడుకోలేదమ్మా” అని నర్సుతో చెప్పాను.

“పెట్టెలో అంతా రికార్డవుద్దండీ” అంది ఆ పిల్ల.

మర్నాడు డాక్టరు ముందు కూర్చున్నాం. కంప్యూటర్లో గీతలు చూపించాడు. పైన గాలి గీత, దాని కింద ఛాతీ గీత, అడుగున ఆక్సిజన్. పై గీత పది సెకన్లో, ఆ పైనో చదునైపోతే అది ఒక ఆప్నియా. పూర్తిగా ఆగకుండా గాలి బాగా తగ్గి, దాంతో పాటు ఆక్సిజన్ కూడా పడిపోతే అది హైపాప్నియా. రెండూ కలిపి ఎన్నో లెక్కపెట్టి, గంటకి ఎన్ని చొప్పున వచ్చాయో చూస్తారు. ఆ గంటకి వచ్చే అంకెనే ఇండెక్స్ అంటారు. అయిదు లోపు అయితే మామూలు. అయిదు నుంచి పదిహేను లోపు మైల్డ్. పదిహేను నుంచి ముప్ఫై లోపు మోడరేట్. ముప్ఫై, ఆ పైన సివియర్.

“మొత్తం ఎనభై ఎనిమిది వచ్చాయండీ. పెట్టె నడిచింది ఎనిమిది గంటలు. గంటకి పదకొండు. మైల్డ్.”

మావారు కళ్లు మూసుకుని “స్తోత్రం” అన్నారు.

డాక్టరు మాత్రం సంతోషించలేదు. ఆక్సిజన్ గీత మీద పెన్సిలు పెట్టి అలాగే చూస్తున్నాడు. “ముందంతా నిలకడగా, శుభ్రంగా ఉంది. చివర్లో ఇలా కుప్పకూలిపోయింది. రాత్రంతా నిద్రపోయారా అయ్యగారూ?”

ఆయన నా వైపు చూశారు. నేను ఊరుకుంటానా? “ఎక్కడండీ! తెల్లారగట్టదాకా ప్రార్థనలోనే ఉన్నారు. పడుకున్నది రెండున్నర గంటలు ఉంటుందేమో.”

డాక్టరు పెన్సిలు కింద పెట్టేశాడు. “ఈ పెట్టెకి తల మీద వైర్లు లేవండీ. మనిషి నిద్రలో ఉన్నాడో, కళ్లు మూసుకుని మెలకువగా ఉన్నాడో దీనికి తెలీదు. పడుకున్న గంటలన్నీ నిద్రే అనుకుంటుంది. భాగించాల్సింది నిద్రపోయిన గంటలతో.”

నాలుగో తరగతికి భాగహారం చెప్పేదాన్ని నేను. భాజకం పెరిగితే భాగఫలం తగ్గుతుంది, ఏడాదికి ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో. ఎనభై ఎనిమిదిని రెండున్నరతో భాగించడానికి నాకు కాగితం అక్కర్లేదు. “ముప్ఫై అయిదు” అన్నాను.

“అంతే అని కచ్చితంగా చెప్పలేనండీ, మీ అందాజు కదా. కానీ మైల్డ్ అన్న మాట పట్టుకోకండి. ఈ గ్రేడు గంటకి ఎన్నిసార్లు అనే చెబుతుంది. ఒక్కోసారి ఎంతసేపు ఆగింది, ఆక్సిజన్ ఎంత లోతుకి పడింది అన్నది చెప్పదు. బీపీ చూడండి, మోపెడ్ సంగతి చూడండి. వైజాగు వెళ్లి పూర్తి పరీక్ష చేయించండి. అక్కడ సివియర్ అని వస్తే మాస్కు మిషను ఉంది, గాలి వత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అందాకా పక్కకి తిరిగి పడుకోండి, బండి నడపకండి.” ఉత్తరం రాసిచ్చాడు.

మావారు అన్నిటికీ తల ఊపారు. ఆయన చెవిలో పడ్డది ఒక్క మాటే.

ఆదివారం ప్రసంగం అయ్యాక, దేవుడు చేసిన మేళ్లకి సాక్ష్యాలు చెప్పేవేళ, ఆయనే లేచి నిలబడ్డారు. మామూలుగా పాస్టరు సాక్ష్యం చెప్పడు, సంఘం చెబుతుంది. అందుకే అందరూ నిటారుగా కూర్చున్నారు. “నా కోసం మీరు ప్రార్థించారు. డాక్టరు పెద్ద జబ్బేమో అని భయపడ్డాడు. ప్రభువు దాన్ని తగ్గించాడు. మైల్డ్ అని రిపోర్టు వచ్చింది” అన్నారు. గుడి గుడంతా “స్తోత్రం, స్తోత్రం” అని హోరెత్తిపోయింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సాయంత్రానికి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి మా ఇంటికి వచ్చింది. నేను మొదటి వరసలో రాయిలా కూర్చున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. రిపోర్టు మీద ఆ మాటే ఉంది. ఆయన నిజంగా నమ్మారు, అదీ నా కర్మ.

“వైజాగు ఎప్పుడు వెళ్దాం?” అని ఆ వారమే అడిగాను.

“ఎందుకు?”

“ఎందుకేంటండీ? డాక్టరు చెప్పింది వినలేదా?”

“సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు మళ్లీ పరీక్షకి వెళ్తే వాళ్లేమనుకుంటారు? దేవుడు చేసినదాన్ని పాస్టరే నమ్మడం లేదనుకోరూ?”

ఒళ్లు మండిపోయింది. “దేవుడు చేశాడా? మీరు మేలుకుని ఉన్నారు, ఊపిరి ఆగలేదు. అంతే కదా! ఆ ప్రార్థన ఏదో పగలు చేసుకుని, రాత్రి పడుకుని ఉంటే నిజం తెలిసేది!”

“నిన్ను నేను కోప్పడను” అన్నారు. ఆ మాటకి ఇంకా మండింది.

తర్వాత నెలల్లో ఎన్ని రకాలుగా చెప్పానో. అన్నం మానేశాను. ఏడ్చాను. ఒకరోజు సంఘంలో ముసలావిడ ఒకామె వచ్చి, అయ్యగారి సాక్ష్యం విన్నాక తనకీ విశ్వాసం కలిగిందనీ, షుగరు మాత్రలు మానేశాననీ మురిపెంగా చెప్పింది. ఆయన కంగారుపడిపోయారు. “అలా చెయ్యకూడదమ్మా, మందులు కూడా దేవుడిచ్చినవే, ఇవాళే మొదలుపెట్టు” అని బతిమాలారు. ఆవిడ గడప దాటగానే అడిగాను, “మరి మీకు?” అని. అప్పటికే పడక కుర్చీలో తల వాలిపోయి ఉంది. నిద్రపోయారో, నా మాట తప్పించుకున్నారో.

సంఘపెద్ద దగ్గరికి వెళ్లాను చివరికి. ఆ పెద్దాయన చెబితే మావారు వింటారేమోనని ఆశ. గంటలూ భాగహారమూ అన్నీ వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. “అంటే అయ్యగారు ఆ వైర్లన్నీ పెట్టుకుని కూడా రాత్రంతా మాకోసం ప్రార్థించారన్నమాట” అన్నాడు. కళ్లనిండా నీళ్లు. ఆ తర్వాతి ఆదివారం అదే సాక్ష్యంగా చెప్పాడు కూడా. ఇంక ఎవరితో మొరపెట్టుకోను?

పక్కకి పడుకోబెట్టడానికి వీపు వెనక దిండు కుట్టి కట్టాను. కొన్నాళ్లు ఉంచుకున్నారు. వేసవిలో చెమట పడుతోందని తీసేశారు. మోపెడ్ తాళం నేను దాచేస్తే, సంఘం కుర్రాళ్లు ఎవరో ఒకరు బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. అంతవరకే నా చేతనైంది.

మరుసటి ఏడు, పంట కోతల రోజుల్లో, ఒక పొద్దున్న కాఫీ ఇస్తే గ్లాసు అందుకోలేదు. కుడి చెయ్యి లేవలేదు. నోరు కుడివైపు జారిపోయి ఉంది. “ఏమండీ” అంటే ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు. ఇరవై ఏళ్లు ప్రసంగాలు చెప్పిన నోరు.

రాజమండ్రిలో పెద్దాసుపత్రి, తర్వాత వైజాగు. పక్షవాతం కుదుటపడ్డాక అక్కడే పూర్తి పరీక్ష చేశారు. ఈసారి తల మీద వైర్లు పెట్టారు. మాట లేని మనిషి, ఒళ్లు అలిసిపోయిన మనిషి, వెంటనే నిద్రపోయారు. టెక్నీషియన్ పొద్దున నాకు గీతలు చూపించాడు. పైన మెదడు గీత. ఇది మెలకువ, ఇదిగో ఇక్కణ్ణుంచి నిద్ర అన్నాడు. ఒక్కో పేజీ చూసి, నిద్రలో ఉన్న గంటలే కూడి, వాటితోనే భాగించారు. యాభై రెండు. సివియర్.

“దీనివల్లే పక్షవాతం వచ్చిందా అండీ?” అని అక్కడి పెద్ద డాక్టర్ని అడిగాను.

“దీనివల్లే అని చెప్పలేమమ్మా. బీపీ ఉంది, బరువుంది. ఇది ఆ రెండింటికీ తోడైంది. ముందే మాస్కు పెట్టి ఉంటే బాగుండేది” అన్నాడు. తిట్టినా బాగుండును. అంత నెమ్మదిగా చెప్పాడు.

రిపోర్టు తెచ్చి మావారి ఎదురుగా పట్టుకున్నాను. చదివారు. చదవగలరు, పలకలేరు. ఎడమ చేత్తో ఆ అంకె మీద వేలు పెట్టి, నా వైపు చూశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనతో వాదించి గెలిచింది ఆ ఒక్కసారే. ఆ గెలుపు కాలిపోను.

పాస్టరు ఇల్లు కొత్త పాస్టరుకి కావాలి గనుక ఖాళీ చేశాం. రాజమండ్రిలో అద్దెకుంటున్నాం. మా పల్లెలవాళ్లు నది దాటి చూడ్డానికి వస్తూనే ఉంటారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తారు. “ఆ నిద్ర జబ్బు ప్రభువు తగ్గించాడు కదండీ, మైల్డ్ అయింది కదా. ఈ పక్షవాతం కూడా పోతుందండీ అమ్మగారూ” అంటారు. మొదట్లో రిపోర్టు తీసి చూపించేదాన్ని. వాళ్లు తల ఊపేవారు, వెళ్లేముందు మళ్లీ అదే అనేవారు. ఇప్పుడు కాఫీ ఇచ్చి పంపిస్తున్నాను.

మాస్కు మిషను వచ్చింది. ఆయన నోరు కుడివైపు వాలిపోయింది గనుక మాస్కు అక్కడ సరిగ్గా అతుక్కోదు. ఆ మూల గాలి బుసబుసమని పోతుంది. రెండు రకాల మాస్కులు మార్చారు, నోరు మూసి ఉంచే పట్టీ కూడా ఇచ్చారు. పట్టీ పెడితే ఉక్కిరిబిక్కిరై ఎడమ చేత్తో లాగేస్తారు. గాలి అలా పోతే వత్తిడి చాలదు, గొంతు మూసుకుంటుంది. రాజమండ్రి డాక్టరు వచ్చి చూసి, “ఎంత పడితే అంత ఉంచండమ్మా” అన్నాడు. అంతకన్నా అతను మాత్రం ఏం చెయ్యగలడు?

రోజూ అంతే. మాస్కు కట్టి, లైటు తగ్గించి పక్కన కుర్చీ వేసుకుంటాను. ఆయన ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. “ఏమండీ, పడుకున్నారా?” అంటాను. “ఊ” అనే మాట ఇప్పుడు లేదు. ప్రార్థనలో ఉన్నారో, నిద్రపోయారో, మొహం చూస్తే నాకూ తెలీదు. అలా చూస్తూ కూర్చుంటాను. కాసేపటికి ఊపిరి ఆగుతుంది. నిద్రపోయారన్నమాట. అప్పుడు లేచి, మాస్కు మూల వేలితో నొక్కి పట్టుకుంటాను.